ట్రిమ్మర్ వీపు గీతలో కంటికి కనపడని గతుకులు: కోంబ్ చూసి ఎలా తీయాలి?

కొత్తగీత

అందరికీ నమస్కారం. చేతిలో పట్టుకునే ట్రిమ్మర్ ఒకటి గీస్తున్నాను. పొడవు 160 మి.మీ. పక్క నుంచి చూసినప్పుడు కనిపించే వీపు గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వంపు. మధ్యలో సుమారు 12 మి.మీ. ఉబ్బు ఉంటుంది, అంతే. చేత్తో వేసిన స్కెచ్‌ని స్కాన్ చేసి, సాలిడ్‌వర్క్స్‌లో కింద పరుచుకుని, దాని మీద మామూలు స్ప్లైన్‌తో 11 పాయింట్లు నొక్కుకుంటూ వెళ్లాను.

స్క్రీన్ మీద గీత నున్నగానే కనిపిస్తోంది. కానీ మోడల్ ప్రింట్ తీసి, గీకి, మెరిసే పెయింట్ వేసి ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూస్తే వెలుగు చార మెలికలు తిరుగుతోంది. అప్పుడు గీత ఎక్కడ ఎంత వంగిందో దువ్వెన పళ్లలా చూపించే `Show Curvature Combs` పెట్టి చూశాను. పళ్లు ఒకచోట బారుగా, పక్కనే పొట్టిగా ఉన్నాయి. మూడు చోట్ల ఏకంగా గీత అవతలి వైపుకి వెళ్లిపోయాయి. `Show Minimum Radius` 86 అంటోంది.

పళ్లు పొడవుగా ఉన్న చోట పాయింట్‌ని కొంచెం లోపలికి లాగితే అక్కడ తగ్గుతుంది, పక్క పాయింట్ దగ్గర లేస్తుంది. దాన్ని లాగితే ఆ పక్కది. రెండు రోజులుగా ఇదే పని. ఏ వరసలో సరిచేయాలో చెప్పగలరా?

స్క్రీన్ పిక్సెల్

ఇది నాకూ వచ్చింది. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో `Image Quality` స్లైడర్ కుడివైపుకి జరపండి. వంపులు ముక్కలు ముక్కలుగా కనపడటం పోతుంది. ప్రింట్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైల్ కూడా ఫైన్‌లో పెట్టి తీయండి.

కొత్తగీత

ఎస్‌టీఎల్ ఫైన్‌లోనే తీశానండి. స్లైడర్ జరిపినా కోంబ్ మారలేదు.

వంపుల పని

స్లైడర్ సంగతి వేరు. అది గీతని తెర మీద ఎన్ని చిన్న ముక్కలుగా చూపించాలో చెబుతుంది. కోంబ్ అసలు గీత లెక్క నుంచే వస్తుంది కాబట్టి డిస్‌ప్లే మారిస్తే మారదు. మీ గతుకులు గీతలోనే ఉన్నాయి.

అవి ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చూద్దాం, లేకపోతే ఇంకో రెండు రోజులు ఇలాగే పోతాయి. 160 పొడవు మీద 12 ఉబ్బు అంటే మీరు కోరుకున్న వంపు రేడియస్ సుమారు 270 మి.మీ. కోంబ్ పన్ను పొడవు చూపించేది 1/రేడియస్‌ని. అంటే మీ పళ్లన్నీ 0.0037 దగ్గర ఉండాలి. మీరు 11 పాయింట్లు పెట్టారు, ఒక్కోదానికి మధ్య 16 మి.మీ. దూరం. స్కాన్ మీద మౌస్‌తో నొక్కేటప్పుడు ఒక పాయింట్ 0.2 మి.మీ. పైకి, తర్వాతది 0.2 కిందకి పడిందనుకోండి. జూమ్ చేసి చూసినా 0.2 తేడా మీకు పట్టదు. కానీ 32 మి.మీ.కి ఒకసారి 0.2 ఎత్తున అల లేస్తే వక్రత ఎంత మారుతుంది?

```
0.2 * (2*pi/32)^2 = 0.0077
```

మీకు కావాల్సిన 0.0037కి అది కలిస్తే 0.0114, అంటే రేడియస్ 88. తీసేస్తే మైనస్ 0.004, అంటే గీత అక్కడ 250 రేడియస్‌తో ఎదురు వైపుకి వంగింది. మీకు కనిపిస్తున్న 86, అవతలి వైపుకి వెళ్లిన పళ్లు, రెండూ ఇక్కడే పుట్టాయి. కంటికి దొరకని 0.2 మి.మీ. కోంబ్‌లో అసలు వంపుకి రెండింతలై కూర్చుంది. వెలుగు చార కూడా సరిగ్గా దీన్నే పట్టుకుంటుంది.

అందుకే పాయింట్లు జరిపితే లాభం లేదు. ఒక పాయింట్‌ని 0.1 జరిపితే దాని రెండు పక్కలా వక్రత ఎదురుగా కదులుతుంది. పాయింట్లు తీసేయాలి. స్ప్లైన్ అనే మాట ఓడలు కట్టేవాళ్ల దగ్గర నుంచి వచ్చింది. సన్నటి చెక్క బద్దని వంచి, కదలకుండా దాని మీద సీసపు బరువులు పెట్టి గీత గీసేవాళ్లు. గీత నున్నగా లేదనిపిస్తే బరువుని పక్కకి నెట్టేవాళ్లు కాదు. ఒకదాన్ని ఎత్తి చూసేవాళ్లు. బద్ద చెంగున లేచిందంటే ఆ బరువు దాన్ని బలవంతంగా పట్టి ఉంచిందని అర్థం. కదలకపోతే ఆ బరువు అక్కడ ఉన్నా లేకున్నా ఒకటే. మీ 11 పాయింట్లనీ అలాగే ఒక్కొక్కటి డిలీట్ చేస్తూ గీత ఎంత కదులుతుందో చూడండి.

స్పీడ్ స్కెచ్

ఇంత లెక్క అక్కర్లేదు. `Simplify Spline` ఉంది కదా, టాలరెన్స్ ఇస్తే పాయింట్లు అదే తగ్గిస్తుంది. లేదా స్ప్లైన్ తీసేసి `Style Spline` డిగ్రీ 7తో గీయండి. డిగ్రీ ఎంత ఎక్కువైతే అంత స్మూత్. కోంబ్‌లో పళ్లన్నీ ఒకే ఎత్తు వచ్చేదాకా సర్దండి, అయిపోతుంది.

వంపుల పని

`Style Spline` మాట సరైనదే, నేనూ అక్కడికే వస్తున్నాను. మిగతా రెండింటితో ఒప్పుకోలేను.

పళ్లన్నీ ఒకే ఎత్తు అంటే అది వృత్తం. ట్రిమ్మర్ వీపు వృత్తంలా ఉంటే చేతిలో డొప్పలా అనిపిస్తుంది. పళ్ల ఎత్తు మారాలి, మారే తీరు నెమ్మదిగా ఉండాలి. పళ్ల కొసలని కలిపే పై గీత ఉంది చూశారా, దాన్ని చదవాలి. అది ఒక చివర నుంచి మెల్లగా పెరిగి, ఒక చోట గరిష్ఠానికి చేరి, మెల్లగా దిగితే వీపు గీతకి చాలు. ఒకే కొండ. రెండో కొండ కనపడితే అది మీరు కోరుకున్నదేనా అని అడగండి. కోరుకోనిదైతే అదే గతుకు.

డిగ్రీ 7 ఇస్తే 8 కంట్రోల్ పాయింట్లు చేతికొస్తాయి. ఒకే వంపుకి 8 ఎందుకు? అన్నిటినీ చక్కగా వరసలో పెట్టడం కష్టమై మళ్లీ అల వస్తుంది. డిగ్రీ 5 ఒకే ముక్క, 6 పాయింట్లు, ఈ పనికి సరిపోతాయి.

సీసా డిజైనర్

మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి, నాదీ ఇలాంటి బాధే. సీసా భుజం. స్ప్లైన్ వాడలేదు, రెండు ఆర్క్‌లు, 40 రేడియస్ దాని తర్వాత 8 రేడియస్, టాంజెంట్ పెట్టాను. కోంబ్‌లో గతుకు ఒక్కటి కూడా లేదు, రెండు చోట్లా పళ్లు పలకలా సమంగా ఉన్నాయి. అయినా నమూనా సీసా మీద ఆ రెండూ కలిసే చోట వెలుగు చార కోసినట్టు విరుగుతోంది. పని చేయించినవాళ్లు పాలిష్ బాగా లేదన్నారు, నేనూ నమ్మి మళ్లీ పాలిష్ చేయించాను. మారలేదు.

అచ్చుల షెడ్

అది పాలిష్ తప్పు కాదు సార్. అచ్చు పని చేసేవాడిగా చెబుతున్నా, ఈ మాట మేం చాలాసార్లు పడ్డాం. టాంజెంట్ ఆర్క్ కలిసే చోట పాలిష్ పట్టే కొద్దీ ఆ విరుపు ఇంకా తేటగా కనిపిస్తుంది, ఎందుకంటే మెరుపు పెరుగుతోంది కదా. గీతలోనే ఉన్నదాన్ని మేం రాపిడితో తీయలేం. గరుకు టెక్స్చర్ వేస్తే మాత్రం కనపడదు.

వంపుల పని

మీ కోంబ్‌ని మళ్లీ చూడండి సీసా గారూ. రెండు పలకల మధ్య మెట్టు ఉంటుంది. 40 రేడియస్ దగ్గర పన్ను 0.025, 8 రేడియస్ దగ్గర 0.125. ఏ వాలూ లేకుండా ఒక్కసారిగా అయిదింతలకి దూకింది. గీత దిశ కలిసింది, వంపు కలవలేదు. గతుకు అంటే పళ్లు అలలా లేవడం ఒక్కటే కాదు, ఈ మెట్టు కూడా గతుకే. రెండు ఆర్క్‌లూ తీసేసి అక్కడ ఒకే స్ప్లైన్ గీయండి. పెద్ద ఆర్క్ ఉండే తీరాలంటే ఆర్క్‌ని కొంచెం వెనక్కి కోసి, మధ్యలో స్ప్లైన్ వేసి రెండు కొసలా `Equal Curvature` ఇవ్వండి. మెట్టు పోయి దారిలా వాలుతుంది. ఆ వాలుకి చోటు కావాలి, అందుకే కోయాల్సింది కొంచెం ధారాళంగా కోయండి.

కొత్తగీత

మీరు చెప్పినట్టు పాయింట్లు ఎత్తి చూశాను. 11లో నాలుగు తీసేస్తే గీత అసలు కదల్లేదు. ఇంకో మూడు తీస్తే 0.2, 0.3 జరిగి కోంబ్ సగం శాంతించింది. చివరకి రెండు కొసలు, మధ్యలో ఒకటి మిగిల్చాను. పళ్లన్నీ ఇప్పుడు ఒకే వైపు ఉన్నాయి!

రెండు సమస్యలు మిగిలాయి. ఒకటి, మధ్య పాయింట్ దగ్గర కోంబ్ పై గీత ఇంటి కప్పులా కోసుగా మడత పడుతోంది. రెండు, తల వైపు కొస దగ్గర పళ్లు ఒక్కసారిగా బారుగా లేస్తున్నాయి. ఇంకో మాట, గీత ఇప్పుడు స్కెచ్ నుంచి ఒక చోట 0.6 మి.మీ. పక్కకి జరిగింది. అది ఫర్వాలేదా?

వంపుల పని

0.6 గురించి ముందు. మీ స్కెచ్‌లో పెన్ను గీత మందం ఎంత? కొలిచి చూడండి.

మధ్యలో కప్పు మడత మామూలు స్ప్లైన్ స్వభావం. పాయింట్ ఉన్న ప్రతి చోటా రెండు ముక్కలు కలుస్తాయి. వంపు కలుస్తుంది కాబట్టి మెట్టు రాదు, కానీ వంపు మారే వేగం కలవదు, అందుకే మడత. చాలా వస్తువులకి ఇది చాలు. మెరిసే వీపు కాబట్టి మీరు `Style Spline` బెజియర్‌కి మారండి. 6 పాయింట్లు, ఒకే ముక్క, లోపల కీలు లేదు, మడత పడటానికి చోటే ఉండదు.

అప్పుడు కోంబ్‌కి ముందే చూడాల్సినది కంట్రోల్ పాయింట్లని కలిపే గీతల చట్రం. చట్రం ఒకే వైపుకి మలుపులు తిరిగితే లోపలి గీత కూడా ఒకే వైపుకి వంగుతుంది, అవతలికి వెళ్లలేదు. ఇది అదృష్టం మీద ఆధారపడిన విషయం కాదు, బెజియర్ లెక్కలోనే ఉంది. ఒక పాయింట్ లోపలికి నొక్కుకుపోతే మాత్రం మొదలవుతుంది గొడవ. కాబట్టి మలుపులు కొంచెం కొంచెంగా, చట్రం కాళ్ల పొడవులు ఒక వరసలో మారేలా పెట్టండి. ఒక కాలు 40, పక్కది 12, మళ్లీ 38 అంటే కోంబ్‌లో తప్పకుండా కొండ లేస్తుంది.

కొస దగ్గర పళ్లు లేవడానికి కారణం హ్యాండిల్, అంటే కొస నుంచి బయల్దేరే మొదటి కాలు, పొట్టిగా ఉండటం. డిగ్రీ 5లో కొస దగ్గర వక్రత ఇంత:

```
k = (4/5) * h / a^2
```

ఇక్కడ a అంటే కొస నుంచి రెండో పాయింట్ దాకా ఉన్న కాలు. h అంటే ఆ కాలుని ముందుకి పొడిగిస్తే దాని నుంచి మూడో పాయింట్ ఎంత పక్కకి ఉందో ఆ దూరం. a 32, h 4.74 అయితే రేడియస్ 270 వస్తుంది. మూడో పాయింట్ కదల్చకుండా రెండో దాన్ని కొస వైపుకి లాగి a 16 చేశారనుకోండి, వక్రత నాలుగింతలై రేడియస్ 68కి పడిపోతుంది. అందుకే కొస దగ్గర పళ్లు లేస్తే రెండో పాయింట్‌ని అదే దిశలో కొసకి దూరంగా జరపండి, పక్కకి మాత్రం తొయ్యకండి. ఎక్కువ జరిపితే కొస చదునై ఉబ్బంతా మధ్యలోకి చేరుతుంది, అది కూడా కోంబ్‌లో వెంటనే తెలుస్తుంది.

స్పీడ్ స్కెచ్

డిగ్రీ పెరిగితే అలలు పెరుగుతాయని క్లాసులో చెప్పారు మాకు. మీరేమో 5 అంటున్నారు. నేను 7 అంటే వద్దన్నారు.

వంపుల పని

క్లాసులో చెప్పింది పాయింట్ల గుండా ఖచ్చితంగా వెళ్లే గీత గురించి. ఒకే పెద్ద డిగ్రీ గీతని అన్ని పాయింట్ల గుండా బలవంతంగా నడిపిస్తే అది కొసల దగ్గర ఊగిపోతుంది, నిజం. ఇక్కడ గీత రెండు కొసలు తప్ప మిగతా కంట్రోల్ పాయింట్ల గుండా వెళ్లదు, వాటి వైపుకి లాగబడుతుంది, అంతే. 7 తప్పని నేను అనలేదు, ఈ వంపుకి అనవసరం అన్నాను. `Simplify Spline` కూడా వాడొచ్చు, కానీ ఏ పాయింట్ ఎందుకు పోయిందో మీకు తెలియదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేత్తో ఎత్తి చూస్తే ఆ తేడా కంటికి అలవాటవుతుంది.

అచ్చుల షెడ్

ఒక్క మాట కలపనివ్వండి. కోంబ్ బాగుందని పంపిన ఫైల్స్‌లో కూడా మాకు గతుకులు దొరుకుతాయి. ఎందుకంటే స్కేల్ తగ్గించి చూస్తారు, పళ్లన్నీ పొట్టిగా కుదురుగా కనిపిస్తాయి. సాంద్రత కూడా తక్కువే పెడతారు, గతుకు రెండు పళ్ల మధ్య దాక్కుంటుంది. అత్యంత పొడవైన పన్ను గీత పొడవులో నాలుగో వంతు వచ్చేదాకా స్కేల్ పెంచి, పళ్లు దగ్గర దగ్గరగా పెట్టుకుని చూడండి. అప్పుడు తెలుస్తుంది నిజం.

కొత్తగీత

పెన్ను గీత మందం కొలిచాను, 0.7 మి.మీ. ఉంది. అంటే 0.6 తేడా పెన్ను గీత మందంలోనే పోయింది! ఈ మాట రెండు రోజుల ముందు తెలిస్తే బాగుండేది.

6 పాయింట్లతో మళ్లీ గీశాను. అచ్చుల షెడ్ గారు చెప్పినట్టు స్కేల్ పెంచి చూశాను. ఒకే కొండ, పళ్లన్నీ ఒకే వైపు, మడత లేదు. మినిమం రేడియస్ 215 అంటోంది, అదీ మధ్యలోనే.

ఇప్పుడు ముందు వైపు గీత. అక్కడ బొటనవేలు ఆనడానికి చిన్న లోతు ఉంది. కాబట్టి పళ్లు ఇటూ అటూ మారాలి కదా? దాన్ని తప్పుగా పొరబడకుండా ఎలా చూడాలి?

వంపుల పని

మారాలి, మారకపోతేనే తప్పు. లోతుకి ఒక పక్క ఉబ్బు నుంచి లోతులోకి, మరో పక్క లోతు నుంచి ఉబ్బులోకి మార్పు ఉంటుంది. కాబట్టి కోంబ్ రెండే చోట్ల గీతని దాటాలి. `Show Inflection Points` పెట్టి లెక్కపెట్టండి. మూడో చోటు కనిపించిందంటే అది మీరు అడగనిది.

దాటే తీరు కూడా చూడండి. పళ్లు చిన్నవవుతూ సున్నాకి వచ్చి, ఆగకుండా అదే వాలులో అవతలి వైపు పెరగాలి. సున్నా దగ్గర కాసేపు పడుకుని తర్వాత లేస్తే అక్కడ చదును ముక్క ఉంది, బొటనవేలికి పలకలా తగులుతుంది. సున్నాని తాకి అదే వైపుకి తిరిగి వస్తే ఆ చోట లోతు రాలేదు, గీత కాస్త చదునై మళ్లీ వంగింది, అంతే. వేలు ఆనే చోటు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఈ గీతకి ఒకే డిగ్రీ 5 ముక్క చాలకపోవచ్చు. నేనైతే రెండు ముక్కలు చేసి, కలిసే చోటుని లోతు అడుగున పెట్టి `Equal Curvature` ఇస్తాను. వంపు దాటే చోట కలపను, అక్కడ పళ్లు సున్నా దగ్గరుంటాయి కాబట్టి తప్పు దొరకదు.

సీసా డిజైనర్

నా భుజం కుదిరిందండి. ఆర్క్‌ని 6 మి.మీ. వెనక్కి కోశాక వాలు వచ్చింది. 2 మి.మీ. కోసినప్పుడు వాలు బదులు సన్నటి శిఖరం లేచింది, చోటు కావాలన్నది దీని గురించేనని అప్పుడు అర్థమైంది.

కానీ నాదొక సందేహం. కొత్తగీత గారి ట్రిమ్మర్‌ని ఎదురుగా చూస్తే ఎడమ కుడి ఒకేలా ఉంటాయి కదా. సగం గీసి మిర్రర్ చేస్తే మధ్యలో కోంబ్ ఎలా ఉండాలి?

వంపుల పని

మధ్య గీతకి అడ్డంగా, లంబ కోణంలో కాలు ఉంచితే దిశా, వంపూ వాటంతట అవే కలుస్తాయి. రెండు పక్కలా ఒకే గీత కాబట్టి మెట్టు రాదు. కప్పు మడత మాత్రం వస్తుంది, మధ్యలోకి వచ్చేసరికి పళ్లు ఇంకా పెరుగుతూనో తరుగుతూనో ఉంటే. నేను తల వైపు అంచు లాంటి చిన్న వెడల్పుల్లో మిర్రర్ చేయను. మొత్తం వెడల్పుని ఒకే స్ప్లైన్‌గా గీసి పాయింట్లని రెండేసి చొప్పున మధ్య గీతకి సిమ్మెట్రిక్ కట్టేస్తాను. ఒకే ముక్క, రెండు పక్కలా సమానం, కాబట్టి మధ్యలో కోంబ్ పై గీత తప్పనిసరిగా బల్లపరుపుగా ఉంటుంది.

అచ్చుల షెడ్

ఈ మడత గురించి నాకు అంత పట్టింపు లేదు సార్. మెట్టు మా దగ్గర ప్రతిసారీ దొరుకుతుంది. మడత మాత్రం చూపించి అడిగినా చాలామందికి కనపడలేదు.

వంపుల పని

చిన్న వస్తువు మీద మీరన్నది నిజమే కావచ్చు. వెడల్పుగా ఉండే నల్లటి మెరుపు మూత మీద నాకు కనపడింది, అప్పటి నుంచి వదలడం లేదు.

కొత్తగీత

ఎదురు గీత రెండు రకాలుగానూ చేసి, రెండు ముక్కలూ ఒకే నల్ల పెయింట్‌తో ప్రింట్ తీయిస్తున్నాను. ట్యూబ్‌లైట్ కింద ఫొటోలు వచ్చాక ఇక్కడే పెడతాను. ఏది ఏదో ముందు చెప్పను, చూసి మీరే చెప్పండి.